సార్ పంపిన లెక్కలో తప్పు కనిపిస్తే మెయిల్ ఎలా రాయాలి

పై అధికారి తయారుచేసిన పట్టికలో మీకు తప్పు కనిపించింది. అది రెండు రోజుల్లో రాష్ట్ర కార్యాలయానికి వెళ్తుంది. చెప్పకపోతే ఆఫీసు మాట పోతుంది. చెబితే ఆయన చిన్నబుచ్చుకుంటారేమోనని భయం. శ్రీకాకుళం, విజయనగరం ఆఫీసుల్లో కొత్తగా చేరినవాళ్లు పదేపదే అడిగేది ఈ ఒక్క మెయిల్ గురించే. సెలవు చీటీకి నమూనా దొరుకుతుంది, ఫైలు గుర్తుచేసే లేఖకూ దొరుకుతుంది, దీనికి మాత్రం దొరకదు. అందుకే మిగతావన్నీ పక్కన పెట్టి, ఈ ఒక్క సందర్భాన్నే మొదటినుంచి చివరిదాకా చూద్దాం.

సిద్ధాంతం ఎంత కావాలో అంతే చెబుతాను. మర్యాద మీద పనిచేసిన భాషాశాస్త్రవేత్తలు పెనెలోపీ బ్రౌన్, స్టీఫెన్ లెవిన్సన్ ఒక మాట ఎదుటివారిని ఎంత నొప్పిస్తుందన్నది మూడు విషయాల మీద ఆధారపడుతుందన్నారు: ఇద్దరి మధ్య చనువు, అధికారంలో తేడా, అడిగే పని బరువు. పై అధికారి తప్పు ఎత్తిచూపే మెయిల్‌లో మూడూ మీకు ఎదురుగానే ఉంటాయి. చనువు తక్కువ, ఆయన హోదా ఎక్కువ, విషయం బరువైనది. అందుకే చాలామంది తప్పును సూచనప్రాయంగా చెప్పి వదిలేస్తారు. అంకెల విషయంలో అది పనిచేయదు. మర్యాద అంకె చుట్టూ ఉండాలి, అంకెను కప్పేయకూడదు. కింది మెట్లన్నీ ఈ ఒక్క మాట మీదే నడుస్తాయి.

ఉదాహరణగా తీసుకున్న సందర్భం

శ్రీకాకుళం జిల్లా ఆఫీసు ఒకటి అనుకోండి. సూపరింటెండెంట్ గారు మే నెలలో వచ్చిన దరఖాస్తుల పట్టిక తయారుచేసి, చూసుకోమని సెక్షన్‌లో అందరికీ పంపారు. శుక్రవారం సాయంత్రం 5 గంటలలోగా అది రాష్ట్ర కార్యాలయానికి చేరాలి. పట్టికలో 38 మండలాలున్నాయి, మొత్తం 4,560 దరఖాస్తులు.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు శ్రీకాకుళంలో 30 మండలాలు మిగిలాయి. రాజాం, వంగర, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి విజయనగరానికి వెళ్లాయి. పాలకొండ, సీతంపేట, భామిని, వీరఘట్టం పార్వతీపురం మన్యంలో కలిశాయి. సార్ వాడినది అంతకు ముందునుంచీ ఉన్న ఎక్సెల్ నమూనా. అందులో మండలం పేరును బట్టి రాష్ట్ర డేటా నుంచి అంకె దానంతటదే వచ్చి పడుతుంది. కాబట్టి ఈ 8 మండలాల వరసలు ఖాళీగా లేవు, నిండే ఉన్నాయి. చూడగానే తప్పని తెలియకపోవడానికి కారణం ఇదే.

ఆ ఎనిమిది వరసల్లోని దరఖాస్తులు ఇవి (అంకెలు ఉదాహరణ కోసమే): రాజాం 118, వంగర 64, రేగిడి 71, సంతకవిటి 83, పాలకొండ 92, సీతంపేట 57, భామిని 49, వీరఘట్టం 78. కలిపితే 612. తీసేస్తే జిల్లా మొత్తం 3,948.

దగ్గర పెట్టుకోవలసినవి

- సార్ పంపిన అసలు ఫైలు, మార్చకుండా.
- మీరు సవరించిన ఫైలు, వేరే పేరుతో. తీసేసిన వరసలు రెండో షీట్‌లో ఉంచండి.
- ఈ నివేదిక అడుగుతూ పై ఆఫీసు నుంచి వచ్చిన లేఖ.
- మొదటి మెయిల్ ఎవరెవరికి వెళ్లిందో ఆ జాబితా.
- గడువు తేదీ, సమయం.

1. ముందు ఆయనది ఒప్పయ్యే దారి ఉందేమో వెతకండి

తప్పు దొరికిందనగానే మెయిల్ తెరవకండి. ఆ లెక్క ఏ పరిస్థితిలో సరైనదవుతుందో పది నిమిషాలు ఆలోచించండి. మన ఉదాహరణలో అలాంటి పరిస్థితి నిజంగానే ఉంది. కొత్త జిల్లాలు వచ్చాక కూడా జిల్లా పరిషత్తులు పాత ఉమ్మడి జిల్లాల పరిధిలోనే కొనసాగాయి. కొన్ని పనులకు "ఉమ్మడి శ్రీకాకుళం" లెక్క అడగడం మన వైపు ఆఫీసుల్లో ఎవరికీ కొత్త కాదు. పై ఆఫీసు లేఖలో ఉమ్మడి జిల్లా అని ఉంటే 38 మండలాలే సరి, పొరబడింది మీరే.

కాబట్టి లేఖ తీసి చదవండి. "ప్రస్తుత జిల్లాలవారీగా" అని ఉంటే ఆ పేరా సంఖ్య రాసిపెట్టుకోండి. మెయిల్‌కు అదే ఆధారం. అప్పుడు సార్ లెక్కకు ఎదురు నిలబడేది మీరు కాదు, పై ఆఫీసు లేఖ. నొప్పి సగం ఇక్కడే తగ్గిపోతుంది.

లేఖలో ఏమీ స్పష్టంగా లేకపోతే మీ మెయిల్ సవరణ కాదు, ప్రశ్న అవుతుంది: "ఈసారి అడిగింది ఉమ్మడి జిల్లా లెక్కా, ప్రస్తుత జిల్లా లెక్కా?" అది నిజమైన ప్రశ్న కాబట్టి ఎవరినీ నొప్పించదు. అయితే జవాబు మీకు తెలిసి కూడా ప్రశ్నలా అడగకండి. "ఇది కరెక్టేనా సార్?" అని తెలిసీ అడిగితే పరీక్ష పెట్టినట్టుంటుంది. అనుభవమున్న అధికారికి అది మొదటి వరసలోనే తెలిసిపోతుంది.

2. ఎవరు చూస్తారో తేల్చుకోండి

మాటలు ఎంత మెత్తగా ఉన్నా, నలుగురి ముందు చెబితే అవి మెత్తగా ఉండవు. సార్ సెక్షన్‌లో అందరికీ పంపారు కాబట్టి `Reply all` నొక్కితే మీ సవరణ కూడా అందరికీ వెళ్తుంది. `Reply` మాత్రమే నొక్కండి. `Cc` ఖాళీగా ఉండాలి. ఆయన పై అధికారిని `Cc`లో పెట్టడం ఫిర్యాదుతో సమానం, లోపల ఎంత వినయంగా రాసినా సరే.

`Bcc` ఇంకా ప్రమాదం. మీరు గుట్టుగా పెట్టిన మనిషి చూసుకోకుండా `Reply all` కొడితే ఆ సంగతి సార్‌కు తెలిసిపోతుంది. ఆ తర్వాత ఆ నమ్మకం తిరిగి రాదు. మీ దగ్గర రుజువు ఉండాలనుకుంటే మీ `Sent` ఫోల్డరే చాలు.

రెండు చిన్న జాగ్రత్తలు. పైకి కొత్తగా రాసే మెయిల్‌లో `To` గడిని చివరికి నింపండి, సగం రాసినది చేయి తగిలి వెళ్లిపోదు. జీమెయిల్ వాడుతుంటే `Settings` లో `See all settings`, అక్కడ `General` లో `Undo Send` సమయాన్ని 5 సెకన్ల నుంచి 30కి మార్చి, కింద `Save Changes` నొక్కండి. పంపిన మరుక్షణమే తప్పు కనిపించడం చాలా మామూలు.

3. మెయిలా, ఫోనా?

గడువుకు ఒక పూట కన్నా ఎక్కువ ఉంటే మెయిల్ మేలు. ఆయన ఒంటరిగా చదువుకుంటారు, ముఖం చూపించాల్సిన పని లేకుండా ఆలోచించుకుంటారు. గడువు గంట రెండు గంటల్లో ఉంటే ముందు ఫోన్ చేయండి: "సార్, మే పట్టికలో ఎనిమిది మండలాలు అదనంగా పడ్డాయి, సవరించిన ఫైలు మెయిల్‌లో పెడుతున్నాను." అంతే. ఫోన్‌లో వాదన వద్దు, వివరం మెయిల్‌లో ఉంటుంది.

ఆయన గదిలో ఎవరైనా ఉన్నప్పుడు వెళ్లి చెప్పడం మాత్రం చేయకండి. అటెండరు ఉన్నా సరే.

4. విషయం వరస రాయండి

మెయిల్ తెరవకముందే కనిపించేది ఇది. ఫోన్ తెర మీద పక్కవాళ్లకూ కనిపిస్తుంది, ప్రింటు తీస్తే ఫైల్లో శాశ్వతంగా ఉంటుంది.

ముందు: మీ నివేదికలో తప్పులు – అర్జెంట్
తర్వాత: మే నెల మండలాల పట్టిక – శుక్రవారం పంపేలోగా ఒక సవరణ

మొదటిదానిలో "మీ", "తప్పులు" పక్కపక్కన పడ్డాయి. రెండోదానిలో మనిషి లేరు, పట్టిక ఉంది. "అర్జెంట్" అనే మాట పోయి గడువు వచ్చింది. ఎంత తొందరో ఆయనే తేల్చుకుంటారు. "చిన్న మనవి" అనీ రాయకండి, అలాంటి మెయిల్ సోమవారం తెరుస్తారు.

5. క్రియ మార్చండి

తెలుగులో మనకు పెద్ద సౌకర్యం ఇదే. చాలా క్రియలు జంటగా ఉంటాయి: ఒకటి మనిషి చేసేది, ఇంకోటి దానంతటదే జరిగేది. చేర్చారు, చేరింది. వదిలేశారు, మిగిలిపోయింది. మార్చలేదు, మారలేదు. రెండోది వాడితే చేసినవారి పేరు ఎత్తకుండానే జరిగింది చెప్పవచ్చు. కావాలని దాచినట్టూ ఉండదు, ఎందుకంటే మనం రోజూ మాట్లాడేది అలాగే.

ముందు: మీరు పాత మండలాలు కూడా చేర్చారు.
తర్వాత: పాత నమూనాలోని 8 మండలాలు ఈ పట్టికలో కూడా చేరాయి.

ముందు: మీరు మొత్తం తప్పుగా వేశారు.
తర్వాత: వీటిని తీసేస్తే మొత్తం 3,948 అవుతుంది.

ముందు: మీరు లేఖ సరిగా చూడలేదు.
తర్వాత: లేఖ 3వ పేరాలో ప్రస్తుత జిల్లాలవారీగా అడిగారు.

ఒక హెచ్చరిక. తప్పును పాత నమూనా మీద పెట్టేది అది నిజంగా అక్కడినుంచి వచ్చినప్పుడే. సార్ చేత్తో కొట్టిన అంకే తప్పయితే "సిస్టమ్ పొరపాటు" అని రాయకండి. అది అబద్ధమని ఆయనకు తెలుసు, మీరు ముఖస్తుతి చేస్తున్నారనుకుంటారు. అలాంటప్పుడు కారణమే రాయకండి. "14వ వరసలో 183 బదులు 138 పడింది" అంటే చాలు.

ఆజ్ఞ వేసే క్రియల సంగతి కూడా. "దయచేసి వెంటనే సరిచేయండి"లో దయచేసి ఉన్నా అది ఆజ్ఞే. కింది ఉద్యోగి నుంచి పైకి వెళ్లేటప్పుడు "పరిశీలించగలరు", "తెలియజేయగలరు" అన్నది మన ఆఫీసు తెలుగులో స్థిరపడిన రూపం. మెయిల్‌లో అది ఒక్కసారి వస్తే చాలు. ప్రతి వాక్యం "గలరు"తో ముగిస్తే సర్క్యులర్ చదివినట్టుంటుంది.

మన వైపు మాట్లాడేటప్పుడు "చూసీయండి", "పంపీయండి" అంటాం, వినడానికి ఆప్యాయంగానే ఉంటుంది. కాగితం మీద ఆ గొంతు ఉండదు. త్వరగా వదిలించుకోమన్నట్టు చదువుకుంటారు. మెయిల్‌లో "చూడగలరు", "పంపగలరు" అని రాయండి. ఎదురుగా "సార్" అనీ "బాబూ" అనీ ఎంత చనువుగా పిలిచినా, మెయిల్ మొదట్లో హోదాకు "గారు" తగిలించడమే పద్ధతి. పై అధికారి మేడం అయినా ఇదే వరస.

6. అంకెను మెత్తబరచకండి

"అనిపిస్తోంది", "ఉన్నట్టుంది", "కావచ్చేమో" అన్నవి మీకు నిజంగా ఖాయం కాని చోట వాడండి. మొదటి మెట్టులో సరిచూసుకున్నాక 612 అంటే 612. "దాదాపు ఆరువందలు ఎక్కువ ఉన్నట్టనిపిస్తోంది" అని రాస్తే ఆయన మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాలి. మర్యాద పేరుతో పని ఆయన మీద వేశారన్నమాట.

వరస ఇలా ఉండాలి: ఏం అదనంగా ఉంది, ఎంత ఉంది, ఉంటే ఏమవుతుంది, తీస్తే ఎంతవుతుంది. నాలుగు వాక్యాలు దాటనక్కరలేదు. మూడోది చాలామంది వదిలేస్తారు. ఈ 8 మండలాలు విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల నివేదికల్లోనూ ఉంటాయి కాబట్టి రాష్ట్ర మొత్తంలో రెండుసార్లు పడతాయి. ఎప్పుడో ఒకప్పుడు అది పై ఆఫీసు కంట పడుతుంది. ఈ ఒక్క వాక్యంతో మీ మెయిల్ తప్పు పట్టడం నుంచి, ఆయన్ను పై ఆఫీసు ముందు కాపాడటంగా మారుతుంది.

7. సరిచేసే అవకాశం ఆయనకే వదలండి

సవరించిన ఫైలు జతచేయండి. కానీ అందరికీ మీరే పంపకండి, పై ఆఫీసుకు అసలే పంపకండి. కొత్త పట్టిక ఆయన చేతి మీదుగా వెళ్లాలి. ఆయన ఒక్క మాటలో జవాబిచ్చేలా ముగించండి.

మూడు మెయిళ్లు, ఒకే విషయం

మొదటిది, తొందరలో రాసేది:

> విషయం: మీ నివేదికలో తప్పులు – అర్జెంట్
>
> సార్,
> మీరు పంపిన పట్టికలో 38 మండలాలు పెట్టారు. జిల్లాలో ఉన్నవి 30 మాత్రమే. రాజాం, పాలకొండ వైపు మండలాలు 2022లోనే వెళ్లిపోయాయి కదా. మొత్తం 4,560 అని వేశారు, అది తప్పు. దయచేసి వెంటనే సరిచేసి అందరికీ మళ్లీ పంపండి.

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా "కదా" అన్న ఒక్క మాట "మీకు ఈపాటిది తెలియదా" అంటోంది. సరైన మొత్తం ఎంతో కూడా ఇవ్వలేదు. అందరికీ మళ్లీ పంపమనడం తప్పును ఆయన చేతే చాటించడం.

రెండోది, భయంతో రాసేది:

> విషయం: చిన్న మనవి
>
> గౌరవనీయులైన సూపరింటెండెంట్ గారికి వినమ్ర నమస్కారములు. తమరి అమూల్యమైన సమయం తీసుకుంటున్నందుకు క్షమించగలరు. తమరు ఎంతో శ్రమకోర్చి తయారుచేసిన పట్టిక చాలా బాగుంది. నాకు అంత అనుభవం లేదు, నేనే పొరబడి ఉండవచ్చు. మండలాల సంఖ్య విషయంలో ఏదో చిన్న తేడా ఉన్నట్టుగా అనిపించింది. తమరికి వీలు చిక్కినప్పుడు ఒకసారి చూడగలరని ప్రార్థన.

మొదటి మెయిల్ కన్నా ఇదే ఎక్కువ నష్టం చేస్తుంది. ఏ మండలాలో లేదు, ఎంతో లేదు, గడువు లేదు. "వీలు చిక్కినప్పుడు" అన్నారు, శుక్రవారం దాటిపోతుంది. రేపు పై ఆఫీసు నుంచి ఫోన్ వస్తే, "నేను ముందే చెప్పాను సార్" అని మీరు ఈ మెయిల్ చూపించారనుకోండి. ఆయనకు అప్పుడు కలిగే కోపం న్యాయమైనదే. "పట్టిక చాలా బాగుంది" అని రాసి వెంటనే తేడా ఎత్తడం వల్ల ఆ పొగడ్త మీద కూడా నమ్మకం పోతుంది.

మూడోది, పంపదగినది:

> విషయం: మే నెల మండలాల పట్టిక – శుక్రవారం పంపేలోగా ఒక సవరణ
>
> సూపరింటెండెంట్ గారికి నమస్కారం.
>
> మే నెల పట్టికను పోర్టల్‌తో సరిచూశాను. ప్రస్తుత 30 మండలాల అంకెలన్నీ సరిపోయాయి.
>
> పాత నమూనాలోని 8 మండలాలు (రాజాం, వంగర, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి, పాలకొండ, సీతంపేట, భామిని, వీరఘట్టం) కూడా ఇందులో చేరాయి. వీటి దరఖాస్తులు 612. రాష్ట్ర కార్యాలయం లేఖ 3వ పేరాలో ప్రస్తుత జిల్లాలవారీగా అడిగారు కాబట్టి, ఇవి విజయనగరం, పార్వతీపురం మన్యం నివేదికల్లోనూ వచ్చి రెండుసార్లు లెక్కలో పడతాయి. తీసేస్తే మన మొత్తం 4,560 బదులు 3,948 అవుతుంది.
>
> సవరించిన పట్టిక జతచేశాను. తీసిన వరసలు రెండో షీట్‌లో ఉన్నాయి. పరిశీలించి, సరేనో కాదో తెలియజేయగలరు. గడువు శుక్రవారం సాయంత్రం 5 గంటలు. మీరు సరేనంటే మూల నమూనాలోనూ ఈ వరసలు తీసేస్తాను, వచ్చే నెల నుంచి రావు.
>
> ఇట్లు,
> (పేరు, హోదా, సెక్షన్)

"30 మండలాల అంకెలన్నీ సరిపోయాయి" అన్న వాక్యం పొగడ్త కాదు, మీరు చేసిన పని ఫలితం. కానీ ఆయన శ్రమలో ఎక్కువ భాగం సరైనదని అది చెప్పకనే చెబుతుంది. ఈ వాక్యం రాయాలంటే ఆ 30 వరసలూ నిజంగా సరిచూసి ఉండాలి. చూడకపోతే రాయకండి. మెయిల్ మొత్తంలో "తప్పు" అన్న మాట లేదు, "మీరు" ఒక్కసారే వచ్చింది, అదీ నిర్ణయం ఆయనది అని చెప్పే చోట.

పరిస్థితి వేరుగా ఉంటే

పట్టిక ఇప్పటికే పై ఆఫీసుకు వెళ్లిపోతే: ఇదే మెయిల్ వాడండి. గడువు వాక్యం బదులు "సవరణ లేఖ ముసాయిదా కూడా జతచేశాను" అని రాయండి. ముసాయిదాలో "తప్పుగా పంపబడినది" అని కాకుండా "తేదీ ఫలానా నాటి నివేదికకు బదులుగా దీనిని పరిగణించగలరు" అని ఉండాలి. సంతకం ఆయనది కాబట్టి అందులోని ప్రతి మాటా ఆయన మాటే.

ఆయనే అందరి ముందు "ఎవరికైనా ఏమైనా తేడా కనిపించిందా?" అని `Reply all` చేయమంటే: అడిగారు కాబట్టి అందరికీ చెప్పవచ్చు. అయినా ముందు ఒక మెయిల్ ఆయనకు మాత్రమే పంపండి. అందరికీ పంపమంటే అప్పుడు పంపండి.

జవాబు రాకపోతే: మర్నాడు ఉదయం అదే మెయిల్ గొలుసులో, రెండు వాక్యాలు. "పట్టిక గడువు రేపు సాయంత్రం 5 గంటలు. సవరించిన ఫైలు కింది మెయిల్‌లో ఉంది, చూడగలరు." "నిన్న పంపిన మెయిల్‌కు మీ జవాబు రాలేదు" అని రాయకండి, అది లెక్క అడిగినట్టు ఉంటుంది. శుక్రవారం మధ్యాహ్నానికి కూడా కదలిక లేకపోతే ఫోన్ చేయండి.

"ఉండనీలే, అలాగే పంపేద్దాం" అంటే: ఇది కష్టమైన చోటు, మర్యాదతో మొత్తం తీరేది కాదు. ఒక్కసారి, మెయిల్‌లోనే, "38 మండలాలతోనే పంపుతున్నాం, రాష్ట్ర కార్యాలయం అడిగితే 8 మండలాల వివరం రెండో షీట్‌లో సిద్ధంగా ఉంది" అని రాయండి. నిర్ణయం ఆయనదని, వివరం ఇచ్చారని రెండూ నమోదవుతాయి. అదే మాట మూడోసారి ఎత్తకండి. అయితే డబ్బు చెల్లింపులకు సంబంధించిన లెక్క అయి, దాని మీద మీ సంతకం కూడా పడేదైతే, సంతకం చేసేముందు ఆయన్ను విడిగా కలిసి మాట్లాడాల్సిందే.

తరచూ జరిగే పొరపాట్లు

రాత్రి పదకొండుకు పంపడం. అప్పుడు మీకు దొరికింది కాబట్టి పంపుతారు, ఆయన ఇంట్లో మంచం మీద చదువుతారు. `Schedule send` పెట్టి ఉదయం పనివేళ మొదలయ్యాక వెళ్లేలా చేయండి.

ఒకే మెయిల్‌లో తప్పులన్నీ గుమ్మరించడం. మొత్తాన్ని మార్చేది ఒకటి, అక్షరదోషాలు ఆరు ఉన్నాయనుకోండి. మెయిల్‌లో మొదటిదే రాయండి. అక్షరదోషాలు ఫైల్లో దిద్ది, "రెండు మూడు చోట్ల అక్షరాలు సరిచేశాను, పసుపు రంగు వేశాను" అనండి. జాబితా పొడవు పెరిగేకొద్దీ అది సవరణలా కాక ఛార్జిషీటులా కనిపిస్తుంది.

సవరణ ఒప్పుకున్నాక "నేను చెప్పినట్టు" అని మళ్లీ రాయడం. ఆయన అందరికీ కొత్త ఫైలు పంపితే మీ జవాబు "అందింది సార్, ధన్యవాదాలు" మాత్రమే. టీ దగ్గర కూడా అంతే.

పంపేముందు సరిచూసుకోవడం

మెయిల్‌లోని మూడో పేరా మాత్రమే చదవండి, పైవి కిందవి మూసేసి. ఏ వరసలు, ఎంత, సరైన మొత్తం ఎంత అన్నది ఆ పేరా ఒక్కటే చెప్పాలి. చెప్పకపోతే మర్యాద ఎక్కువై విషయం మునిగింది.

తర్వాత "మీరు", "మీ" అన్న మాటలు వెతకండి. ప్రతిదాని పక్కనా ఏముందో చూడండి. "మీరు సరేనంటే" ఉండవచ్చు. "మీరు వేశారు", "మీ పట్టికలో" ఉంటే మార్చండి. "కదా", "అసలు", "కూడా తెలియక", "ఎప్పుడో" లాంటి చిన్న మాటలు తీసేసి చదవండి. అర్థం మారకపోతే వాటితో పనిలేదు, అక్కడ పుల్ల గుచ్చుకునేది వాటివల్లే.

చివరగా, ఈ మెయిల్‌ను ఆయన ఏమీ మార్చకుండా తన పై అధికారికి పంపగలరా అని చూడండి. పంపినా ఆయన తల వంచుకోనక్కరలేకపోతే మెయిల్ సిద్ధం.

పంపాక ఫలితం ఆయన జవాబు రూపంలో తెలుస్తుంది. "సరే", "ఓకే, పంపించు" అని పొట్టిగా వస్తే పని అయిందని అర్థం. పొట్టి జవాబును కోపమనుకోకండి. నమూనా గురించిగానీ వచ్చే నెల గురించిగానీ ఆయన ఒక వాక్యం కలిపితే ఇంకా మంచిది, విషయాన్ని తన పనిగా తీసుకున్నారన్నమాట. అలా కాక "ఆ నమూనా నేను చేసింది కాదు" అనో, "అందరూ అదే వాడుతున్నారు" అనో సంజాయిషీ వస్తే, మీ మెయిల్‌లో ఎక్కడో వేలు ఆయన వైపు చూపించింది. దానికి "మీ తప్పని అనలేదు సార్" అని బదులివ్వకండి, లేని తప్పు మాటను మీరే ఎత్తినట్టవుతుంది. "అవును సార్, నమూనా పాతది. ఇవాళే వరసలు తీసేస్తాను" అని రాసి, ఆ పని అదే రోజు పూర్తిచేసి, కొత్త నమూనాను ఆయనకు పంపండి.